మట్టి పోస్టుకి మట్టి లెక్కే: బ్లాగు పాఠకులను ఈమెయిల్ లిస్టులోకి తెచ్చే కంటెంట్ అప్‌గ్రేడ్

మల్కాజిగిరిలో మా ఇంటి మిద్దె మీద పెంచే మొక్కల గురించి ఒక బ్లాగు రాస్తుంటాను. చాలాకాలం దాని పక్కన "కొత్త పోస్టుల కోసం మీ ఈమెయిల్ ఇవ్వండి" అనే డబ్బా ఒకటి ఉండేది. ఎవరూ ఇవ్వలేదని అనను, మా బావమరిది ఇచ్చాడు.

ఒకరోజు కుండీల మట్టి మిశ్రమం గురించి రాసిన పోస్టు కింద ఒకాయన ఇలా అడిగారు: "అన్నా, నా దగ్గర ఇరవై గ్రో బ్యాగులున్నయి. కోకోపీట్ దిమ్మలు ఎన్ని తెచ్చుకోవాలె?" పోస్టులో పాళ్లు ఉన్నాయి గానీ, దుకాణంలో ఎన్ని కొనాలో లేదు. లెక్క వేసి జవాబిచ్చాను. ఆ వారంలోనే ఇంకొకరు ముప్పై బ్యాగులకి అడిగారు. అప్పుడు ఆ లెక్కలన్నీ ఒక పేజీలో పట్టికగా వేసి, "కావాలంటే ఈమెయిల్ ఇవ్వండి, పంపిస్తాను" అని ఆ పోస్టు మధ్యలోనే రాశాను. పక్కన డబ్బా చేయలేని పని ఆ రెండు వాక్యాలు చేశాయి.

దీన్ని కంటెంట్ అప్‌గ్రేడ్ అంటారు. ఒక పోస్టు చదువుతున్న మనిషికి, సరిగ్గా ఆ పోస్టుకి కొనసాగింపుగా పనికొచ్చే చిన్న వస్తువును ఈమెయిల్‌కి బదులుగా ఇవ్వడం. సైటంతటికీ కలిపి ఒకే ఉచిత ఈ-బుక్ పెట్టడం వేరు, ఇది వేరు. మట్టి పోస్టు చదివేవారికి మట్టి లెక్క, చీడపీడల పోస్టు చదివేవారికి మరొకటి. ఒక్క పోస్టుకి దీన్ని మొదటినుంచి చివరిదాకా ఎలా తయారుచేయాలో చూద్దాం. అన్నిటికీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు.

మొదటి మెట్టు: ఏ పోస్టుకి?

గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి, `Performance` లో గత మూడు నెలలు ఎంచుకుని, `Pages` ట్యాబ్ చూడండి. ఏ పోస్టుకి గూగుల్ నుంచి రోజూ కొంతమంది వస్తున్నారో తెలుస్తుంది. ఫేస్‌బుక్‌లో ఒక్కరోజు తిరిగి చల్లారిపోయిన పోస్టు మీద ఈ శ్రమ పెట్టకండి. నెలనెలా స్థిరంగా వచ్చే పాఠకులే కావాలి, ఎందుకంటే ఒకసారి పెట్టిన అప్‌గ్రేడ్ మీరు పట్టించుకోకపోయినా ఏడాది పొడుగునా పనిచేయాలి.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. నా బ్లాగులో అన్నిటికంటే ఎక్కువమంది చదివేది తోట పోస్టు కాదు, బాల్కనీలో పావురాల బెడద గురించి రాసింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి ఆ గోల తెలిసిందే. మట్టి లెక్క పనిచేసిన ఉత్సాహంలో, వల కట్టించేముందు తీసుకోవాల్సిన కొలతలతో దానికీ ఒక కాగితం పెట్టాను. జనం బాగానే చేరారు. ఆ తర్వాత వాళ్లకి నేను పంపిన ఉత్తరాలు బీర గింజలు ఎప్పుడు నాటాలి, టమాటా నారు ఎన్ని రోజులకి తీయాలి అని. వాళ్లకి తోటే లేదు. వల కట్టించుకున్నారు, పావురాలు పోయాయి, నాతో పని అయిపోయింది. కొందరు అన్‌సబ్‌స్క్రైబ్ చేశారు. కొందరు ఆ శ్రమ కూడా పడకుండా స్పామ్ అని నొక్కారు. అది మిగతావాళ్లకి వెళ్లే మెయిళ్లకీ చేటు.

అందుకే పోస్టుని రెండు ప్రశ్నలతో తూచండి. దీనికి పాఠకులు నిలకడగా వస్తున్నారా? వీళ్లు వచ్చే నెల నేను రాయబోయే ఉత్తరం కూడా చదివే మనుషులేనా? రెండోదానికి జవాబు కాదు అయితే, ఎంతమంది చదివినా ఆ పోస్టుని వదిలేయండి. మట్టి కలుపుతున్న మనిషి రేపు విత్తనం వేస్తాడు, ఎల్లుండి చీడ చూస్తాడు. ఆయనతో నాకు ఏడాది మాటలున్నాయి.

రెండో మెట్టు: పోస్టు మూసేశాక పాఠకుడు ఎక్కడికి వెళ్తాడు?

అప్‌గ్రేడ్‌లో ఏముండాలో తేల్చే ప్రశ్న ఇదే. చాలామంది పోస్టునే పీడీఎఫ్ చేసి ఇస్తారు. చదివేసినదాన్ని మళ్లీ తీసుకోవడానికి ఎవరూ ఈమెయిల్ ఇవ్వరు. ఇంకొందరు పోస్టులోని ముఖ్యమైన ముక్క కోసి దాచి, "మిగతాది ఈమెయిల్ ఇస్తేనే" అంటారు. అది పాఠకుడికి కోపం తెప్పిస్తుంది, కోసిన పోస్టు గూగుల్‌లో కూడా వెనకబడవచ్చు. పోస్టు పోస్టుగా పూర్తిగా ఉండాలి. చదివిన తర్వాత చేయాల్సిన పనిలో చేతికి అందే పనిముట్టు అప్‌గ్రేడ్ కావాలి.

మట్టి పోస్టు చదివిన మనిషి వెళ్లేది నర్సరీకి. ఉప్పల్‌లో ఏ నర్సరీకో, లేదంటే పీపుల్స్ ప్లాజాలో మేళా పెట్టినప్పుడు అక్కడికో. దుకాణదారు "ఎన్ని కావాలి సార్?" అంటాడు. ఆ క్షణంలో ఫోన్ తీసి చూసుకునే కాగితం ఏదో, అదే నేను తయారుచేయాల్సింది.

లెక్క ఇలా కట్టాను. మన దగ్గర ఎక్కువగా వాడే గ్రో బ్యాగు 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. పైన రెండు అంగుళాలు నీళ్లకి వదిలి 10 అంగుళాలు నింపితే, ఒక్కో సంచికి సుమారు 18.5 లీటర్ల మిశ్రమం పడుతుంది. ఇరవై సంచులకి 370 లీటర్లు. నేను ఎర్రమట్టి, కంపోస్టు, కోకోపీట్ సమపాళ్లలో కలుపుతాను కాబట్టి ఒక్కొక్కటి దాదాపు 123 లీటర్లు. ఇక్కడ ఆపేస్తే ఎవరికీ ఉపయోగం లేదు, లీటర్లలో మట్టిని ఎవరు కొలుస్తారు? ప్రతి ఇంటి మిద్దె మీదా ఒక ఖాళీ పెయింట్ బకెట్ ఉంటుంది, 20 లీటర్లది. ఆ కొలతలో ఒక్కొక్కటి ఆరు బకెట్లు. నీళ్లలో నానిన 5 కిలోల కోకోపీట్ దిమ్మ సుమారు 65 నుంచి 70 లీటర్లకి ఉబ్బుతుంది, అంటే రెండు దిమ్మలు. సంచికి వంద గ్రాముల చొప్పున వేపపిండి రెండు కిలోలు. ఇదే పట్టికని 10, 20, 30, 50 సంచులకి వేశాను. అంతే, అప్‌గ్రేడ్ అయిపోయింది.

మీ పోస్టుకి ఏది సరిపోతుందో తెలియకపోతే రెండు చోట్ల వెతకండి. సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ మీద నొక్కి `Queries` ట్యాబ్ తెరవండి. "ఎన్ని", "ఎంత", "ఎప్పుడు" అనే మాటలున్న వెతుకులాటలు చూడండి. ఇక పాఠకులు మీకు ఇప్పటికే అడిగిన ప్రశ్నలు తిరగేయండి. రెండోసారి వచ్చిన ప్రశ్న ఏదైనా ఉంటే మీ అప్‌గ్రేడ్ అక్కడే ఉంది. వంట పోస్టుకైతే వందమందికి వండేటప్పుడు సరుకుల కొలత కావచ్చు. అద్దె ఇల్లు వెతకడం గురించి రాసినవారికి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మంజీర నీళ్లా బోరా, మెయింటెనెన్స్ ఎంత, అడ్వాన్స్ ఎన్ని నెలలు అని టిక్కు పెట్టుకునే జాబితా కావచ్చు. అయితే అద్దె ఇల్లు దొరికాక ఆ పాఠకుడికి మీరు ఏం రాస్తారు? పావురాల సంగతి మరిచిపోకండి.

మూడో మెట్టు: కాగితం తయారీ

ఒక్క పేజీ చాలు. ఇరవై పేజీల ఈ-బుక్ చూడ్డానికి బరువుగా ఉంటుంది గానీ, దుకాణం ముందు నిలబడ్డ మనిషికి దానిలో వెతుక్కునే ఓపిక ఉండదు.

తెలుగులో చేసేవాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి. "మట్టి" అన్నది ట, పొల్లు, టి అని ముక్కలవుతుంది. తయారుచేసిన కంప్యూటర్‌లో బాగానే కనిపించి పీడీఎఫ్‌లో చెడిపోవడం కూడా ఉంటుంది. నేను గూగుల్ డాక్స్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో పట్టిక వేసి, అక్కడినుంచే పీడీఎఫ్‌గా దించుకుంటాను. తర్వాత దాన్ని ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచి చూస్తాను. వేళ్లతో పెద్దది చేయకుండా చదవగలిగితేనే పాస్. ఏ4 పేజీలో ఆరు నిలువు వరుసల పట్టిక ఫోన్‌లో చీమల బారులా ఉంటుంది. మూడు వరుసలకి మించకండి.

కాగితం కింద మీ బ్లాగు పేరు, ఆ పోస్టు లింకు తప్పకుండా పెట్టండి. మనవాళ్లు దాన్ని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. పెట్టనివ్వండి, ఆపలేరు. కింద లింకు ఉంటే గ్రూపులో చూసినవాళ్లు పోస్టుకి వస్తారు, లేకపోతే అది ఎవరి కాగితమో కూడా తెలియదు.

ఫైలుని సైట్‌లోనే ఉంచితే ఒక జాగ్రత్త. పీడీఎఫ్‌లను గూగుల్ ఇండెక్స్ చేస్తుంది. అప్పుడు వెతికినవాళ్లు నేరుగా ఫైలుకే వెళ్లిపోతారు, మీ ఫారం ఎవరికీ కనపడదు. సర్వర్ అపాచీ అయితే `.htaccess` లో ఈ మూడు వరుసలు చేర్చండి:

```
<Files "matti-lekka.pdf">
  Header set X-Robots-Tag "noindex"
</Files>
```

ఇది గందరగోళంగా అనిపిస్తే ఫైలుని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకు ఉన్నవాళ్లు చూడగలిగేలా మార్చి, ఆ లింకునే మెయిల్‌లో పంపండి. లింకు అనుమతి మార్చడం మరిచిపోతే "నాకు యాక్సెస్ ఇవ్వండి" అనే అభ్యర్థనలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. అనుభవం మీద చెబుతున్నాను.

నాలుగో మెట్టు: పోస్టులో ఎక్కడ, ఏ మాటలతో

అవసరం పుట్టిన చోటే అడగాలి. నా పోస్టులో పాళ్లు చెప్పిన పేరా తర్వాత, కలిపే విధానం మొదలవకముందు పెట్టాను. పాఠకుడికి "మరి నాకు ఎంత కావాలి?" అన్న ప్రశ్న వచ్చేది అక్కడే. పోస్టు చివర మరోసారి పెట్టాను. ఈ రెండు చోట్లు చాలు. పేజీ తెరవగానే మీదపడే పాపప్ జోలికి పోకండి. ఫోన్‌లో విషయాన్ని కప్పేసే అలాంటి తెరలున్న పేజీలు వెతుకులాటలో వెనకబడవచ్చని గూగుల్ 2017 జనవరి నుంచే నియమం పెట్టింది.

మాటల విషయానికొస్తే, "ఉచిత గైడ్ పొందండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నేను రాసింది ఇది: "మీ దగ్గర ఎన్ని గ్రో బ్యాగులున్నాయి? 10 నుంచి 50 సంచుల వరకు ఎన్ని బకెట్ల మట్టి, ఎన్ని కోకోపీట్ దిమ్మలు కొనాలో ఒక్క పేజీలో వేశాను. నర్సరీకి వెళ్లేముందు ఫోన్‌లో పెట్టుకోండి." దాని కింద బటన్ మీద "మట్టి లెక్క పంపండి" అని ఉంటుంది. బటన్ నొక్కాకే ఫారం తెరుచుకుంటుంది. నొక్కినవాళ్లు ఎందరు, పూర్తిచేసినవాళ్లు ఎందరు అని విడివిడిగా తెలియడానికి ఈ ఏర్పాటు ముందుముందు పనికొస్తుంది.

ఫారంలో ఈమెయిల్ ఒక్కటే అడగండి. ఫోన్ నంబర్ అడిగితే రియల్ ఎస్టేట్ కాల్స్ గుర్తొచ్చి సగంమంది అక్కడే వెనక్కి తిరుగుతారు. గడి కింద ఒక వాక్యం ఉండాలి: "ఈ కాగితంతో పాటు నెలకి రెండుసార్లు మిద్దె తోట ఉత్తరం పంపుతాను, వద్దనుకుంటే ఒక్క నొక్కుతో ఆపేయొచ్చు." ఇది మర్యాద మాత్రమే కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, దేనికోసం తీసుకుంటున్నారో చెప్పి మరీ సమ్మతి తీసుకోవాలి, ఇచ్చినంత తేలికగా దాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి.

"వాట్సాప్‌లో పంపండి" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. పంపండి, గొడవ లేదు. కాకపోతే వాళ్లు లిస్టులో లేరని గుర్తుపెట్టుకోండి.

ఐదో మెట్టు: వెనకాల యంత్రాంగం

లిస్టుకి మెయిళ్లు పంపిపెట్టే సర్వీసు ఒకటి కావాలి. మెయిలర్‌లైట్, మెయిల్‌చింప్, కిట్, బ్రెవో, జోహో క్యాంపెయిన్స్, వీటిలో ఏదైనా సరే. చేయాల్సింది మూడు పనులు: ఈ ఫారం ద్వారా వచ్చేవాళ్లకి ప్రత్యేకంగా ఒక గ్రూపో ట్యాగో పెట్టడం, ఆ గ్రూపులో చేరగానే కాగితం లింకుతో మెయిల్ దానంతటదే వెళ్లేలా చూడటం, ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌కి చేరేలా చూడటం. మూడోదే అసలు పరీక్ష.

పంపే అడ్రస్ జీమెయిల్‌ది కాకుండా మీ సొంత డొమైన్‌ది కావాలి. జీమెయిల్ అడ్రస్‌ని వేరే సర్వీసు ద్వారా పంపితే, పంపినది నిజంగా గూగులేనా అన్న తనిఖీలో అది నిలబడదు. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని నిరూపించేవి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు. సర్వీసు ఇచ్చే ఆ రికార్డులను డొమైన్ కొన్న చోట డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో చేర్చాలి. దాంతోపాటు, ఆ తనిఖీలో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ రికార్డు కూడా. మొదట్లో ఇంత చాలు:

```
_dmarc  TXT  "v=DMARC1; p=none;"
```

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. రోజుకి ఐదు వేలకి పైగా మెయిళ్లు పంపేవాళ్లకి ఈ మూడూ తప్పనిసరి. చిన్నవాళ్లకి నియమం కొంత తేలికే అయినా, లేకపోతే స్పామ్‌లో పడేది మన మెయిలే. స్పామ్ అని నొక్కేవాళ్ల శాతం 0.3 దాటకూడదన్నది గూగుల్ పెట్టిన గీత. వెయ్యి మెయిళ్లకి ముగ్గురు చాలు దాన్ని తాకడానికి. నా పావురాల జనం మీద నాకు ఎందుకంత భయమో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కాగితాన్ని మెయిల్‌లోనే ఇవ్వండి, ధన్యవాదాల పేజీలో కాదు. పేజీలోనే దొరికితే జనం అబద్ధపు అడ్రసులు కొడతారు. మెయిల్‌కే వస్తుందంటే నిజమైనదే ఇస్తారు. ధన్యవాదాల పేజీలో మాత్రం "ప్రమోషన్స్, స్పామ్ కూడా చూడండి" అని రాయండి, చాలామంది అక్కడే వెతకరు. మెయిల్ సబ్జెక్టు "మీరు అడిగిన మట్టి లెక్క" అని ఉంటే ఎవరు పంపారో, ఎందుకు పంపారో వెంటనే గుర్తొస్తుంది.

అడ్రస్ ఇచ్చాక మెయిల్‌కి వెళ్లి మళ్లీ నిర్ధారించే డబుల్ ఆప్ట్-ఇన్ పెట్టాలా వద్దా? నేను పెట్టాను. కొంతమంది మధ్యలో జారిపోతారు, నిజమే. బదులుగా తప్పు స్పెల్లింగుల అడ్రసులు, బాట్లు లిస్టులోకి రావు. పెట్టేటట్లయితే ఆ నిర్ధారణ బటన్ మీదే "నిర్ధారించి, మట్టి లెక్క తీసుకోండి" అని రాయండి.

ఆరో మెట్టు: తర్వాతి మూడు ఉత్తరాలు

కాగితం అందాక నెల రోజులు మౌనంగా ఉండి హఠాత్తుగా ఉత్తరం పంపితే "ఎవరీయన?" అనుకుంటారు. మట్టి గ్రూపుకి నేను పెట్టిన వరుస ఇది. మూడో రోజు: కోకోపీట్ కడగకుండా వాడితే ఏమవుతుందో, ఎన్నిసార్లు కడగాలో. పదో రోజు: మట్టి కలిపి ఉంటారు కాబట్టి, ఈ నెలలో హైదరాబాద్‌లో ఏం నాటొచ్చో. జూన్, జూలైలో అయితే బీర, సొర, బెండ. సెప్టెంబర్, అక్టోబర్‌లో క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు. ఏ తేదీన చేరినా సరిపోవాలంటే ఈ ఉత్తరాన్ని ప్రతి రుతువు మొదట్లో మార్చుకోవాలి, లేకపోతే మే ఎండల్లో కాలీఫ్లవర్ నాటమని చెబుతున్నట్లుంటుంది. ఇరవయ్యో రోజు: "మీ మిద్దె మీద ఏం వేశారు?" అనే ఒకే ఒక్క ప్రశ్న, జవాబు రాయమని. ఆ జవాబుల్లోంచే నాకు తర్వాతి పోస్టులు, తర్వాతి అప్‌గ్రేడ్లు దొరుకుతాయి. ఆ తర్వాత అందరితో పాటు మామూలు ఉత్తరాలు.

ఏడో మెట్టు: ఎక్కడ కారుతోందో చూడటం

లెక్క కోసం అనుకుందాం: నెలలో పోస్టు చదివినవాళ్లు 1,200, బటన్ నొక్కినవాళ్లు 90, నిర్ధారించి చేరినవాళ్లు 36. అంటే నూటికి ముగ్గురు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన, బ్యాక్‌లింకో అనే మార్కెటింగ్ బ్లాగు పెట్టిన బ్రయాన్ డీన్ తన పోస్టులో ఇది 0.54 నుంచి 4.82 శాతానికి పెరిగిందని రాశారు. ఆయన పాఠకులు కంప్యూటర్ ముందు కూర్చుని, రోజంతా మెయిల్ చూసే వృత్తివాళ్లు. మనవాళ్లు బస్సులో ఫోన్ చూస్తూ చదివేవాళ్లు. ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోవద్దు, మీ పాత డబ్బా అంకెతో పోల్చుకోండి.

వెయ్యిమంది చదివి ముగ్గురే బటన్ నొక్కితే కాగితంలో ఉన్న విషయమే వాళ్లకి అక్కర్లేదు, రెండో మెట్టుకి వెళ్లాలి. బటన్ రంగు మారిస్తే ఏం లాభం లేదు. తొంభైమంది నొక్కి పదిమందే చేరితే లోపం ఫారంలోనో, నిర్ధారణ మెయిల్ చేరడంలోనో ఉంది. మీ సొంత జీమెయిల్, యాహూ అడ్రసులతో చేరి చూడండి. ముప్పైఆరుగురు చేరి, అందులో ఎనిమిదిమందే లింకు నొక్కితే మెయిల్ ప్రమోషన్స్‌లో మునిగిపోతోంది. మెయిల్ తెరిచినవాళ్ల శాతాన్ని మాత్రం నమ్మకండి. 2021 నుంచి యాపిల్ మెయిల్ యాప్, మనిషి తెరవకపోయినా తెరిచినట్లు చూపించగలదు. లింకు నొక్కడం, జవాబు రాయడం, ఈ రెండే చూస్తాను.

మూడు నెలల తర్వాత ఒక పని మిగులుతుంది. ఈ గ్రూపులోంచి వచ్చినవాళ్లలో ఎంతమంది ఇంకా లింకులు నొక్కుతున్నారో చూసి, మీ మిగతా గ్రూపులతో పోల్చండి. నా దగ్గర మట్టి జనం నిలిచారు. పావురాల గ్రూపుకి ఒక చివరి ఉత్తరం రాసి, తోట ఉత్తరాలు కావాలా అని అడిగి, జవాబివ్వనివాళ్లని తీసేశాను. లిస్టు సగానికి సగం తగ్గింది. ఆ పోస్టులో ఫారం తీసేసి, వల కొలతల కాగితాన్ని ఎవరైనా దించుకునేలా అక్కడే పెట్టేశాను.